తెల్లబట్ట లేకుండా యోని బాహ్యభాగంలో దురద, మంట: గుర్తించని కారణాలు

యోని ద్వారం, దాని చుట్టూ ఉండే పెదవులు, బయటి చర్మం కలిపి యోని బాహ్యభాగం అంటారు. ఇక్కడ దురద, మంట ఉందని చెప్పగానే చాలామంది తెల్లబట్ట అనుకుంటారు. కాని స్రావం పెద్దగా లేనప్పుడు కారణం తరచుగా యోని లోపల కాక, బయటి చర్మంలోనే ఉంటుంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణతో తెలుసుకుందాం.

ఉదాహరణ

అరకులోయ దగ్గర కాఫీ తోటల్లో పనిచేసే 54 ఏళ్ల మహిళను ఊహించండి. ఆమెకు ముట్లు ఆగి నాలుగేళ్లయింది. రెండేళ్లుగా దురద ఉంది, రాత్రిపూట నిద్ర పట్టదు. మూత్రం తగిలితే మంట. తెల్లబట్ట లేదు. మొదట ఆమెకు పరీక్ష చేయకుండానే తెల్లబట్టకు వాడే ఆకుపచ్చ కిట్ ఇచ్చారు. అందులో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాములు ఉంటాయి. ఇవి క్రిములపై, ఫంగస్‌పై పనిచేసే మందులు. చర్మవ్యాధిపై వీటి ప్రభావం ఉండదు.

తర్వాత ఆమె మందుల షాపులో క్రీమ్ కొనుక్కుంది. అందులో క్లోబెటాసోల్ అనే బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిసి ఉన్నాయి. నాలుగు రోజుల్లో దురద తగ్గింది, ఆపిన వారానికి మళ్లీ వచ్చింది. ఉపశమనం ఇచ్చింది స్టెరాయిడ్. అందుకే ఆమె "ఫంగస్ మందు పనిచేసింది" అని నమ్మింది. చివరకు రోజూ డెట్టాల్ నీళ్లతో కడగడం మొదలుపెట్టింది, దాంతో మంట ఇంకా పెరిగింది.

చూస్తే ఏం కనిపిస్తుంది?

ఆమె చర్మం తెల్లగా, పలచగా, ముడతలుపడ్డ కాగితంలా ఉంది. ఆ తెలుపు యోని చుట్టూ, మలద్వారం చుట్టూ 8 అంకె ఆకారంలో వ్యాపించింది. గోకడం వల్ల చిన్న రక్తపు మచ్చలున్నాయి. లోపలి పెదవులు అణిగి బయటి పెదవుల్లో కలిసిపోయాయి. దీన్ని లైకెన్ స్క్లిరోసస్ అంటారు. శరీర రక్షణ వ్యవస్థ సొంత చర్మంపైనే దాడి చేయడం వల్ల ఇది వస్తుందని భావిస్తున్నారు. ఇది అంటువ్యాధి కాదు, లైంగిక సంబంధం వల్ల రాదు. ఈ మాట ఆమెకు, ఆమె భర్తకు కూడా చెప్పాలి.

దీన్ని బొల్లి అని పొరబడే అవకాశం ఉంది. బొల్లిలో రంగు మాత్రమే పోతుంది. చర్మం మామూలుగానే ఉంటుంది, సాధారణంగా దురద ఉండదు. ముట్లు ఆగాక వచ్చే పొడిదనంలో మంట, కలయికలో నొప్పి ఉంటాయి గాని మలద్వారం చుట్టూ తెల్లని మచ్చలు రావు. చర్మం పూర్తిగా మామూలుగా కనిపిస్తూ మూడు నెలలకు పైగా మంట ఉంటే వల్వోడినియా అనే నరాల నొప్పి కావచ్చు. ఎర్రబారి పగుళ్లుంటే, స్రావం తక్కువైనా ఫంగస్‌ను అనుమానించి రక్తంలో చక్కెర చూడాలి.

చికిత్స

డెట్టాల్, సబ్బు, సువాసన పొడులు ముందు ఆపాలి. మామూలు నీళ్లతో కడిగి, పైన పలచగా వాసెలిన్ రాయాలి. వైద్యుడు రోగాన్ని నిర్ధారించాక ఇచ్చే మందు మళ్లీ క్లోబెటాసోలే. అయితే ఈసారి మరే మందూ కలవని 0.05 శాతం ఆయింట్‌మెంట్, లెక్క ప్రకారం వాడేది. చూపుడు వేలి కొన నుంచి మొదటి కణుపు వరకు పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. మొదటి నెల రోజూ రాత్రి, రెండో నెల రోజు విడిచి రోజు, మూడో నెల వారానికి రెండుసార్లు తెల్లని చోట రాయాలి. మొత్తం సుమారు 53 సార్లు, అంటే 27 గ్రాములు. కాబట్టి 30 గ్రాముల ట్యూబ్ మూడు నెలలు సరిపోవాలి. నెలకే అయిపోతే ఎక్కువ రాస్తున్నట్టు, సగం మిగిలితే భయపడి తక్కువ రాస్తున్నట్టు.

కొన్ని వారాల్లో దురద తగ్గాలి. తెలుపు కొంత మిగిలిపోవచ్చు, అణిగిన పెదవులు తిరిగి రావు. అందుకే ముందుగా గుర్తించాలి. కొద్దిమందిలో ఈ చర్మంపై కాన్సర్ రావచ్చు. మానని పుండు, గట్టి గడ్డ, చికిత్సకు తగ్గని మచ్చ ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షించాలి. అలాంటప్పుడు విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆస్పత్రి వంటి పెద్ద ఆస్పత్రికి పంపాలి. అరకు నుంచి అది సుమారు 115 కిలోమీటర్లు. కాబట్టి ఎందుకు వెళ్లాలో చీటీపై రాసి ఇవ్వాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కలగలుపు క్రీమ్ కొన్నాళ్లే ఉపశమనం ఇవ్వడానికి కారణమేమిటి?
2. లైకెన్ స్క్లిరోసస్‌ను బొల్లి నుంచి ఎలా వేరుచేస్తారు?
3. 30 గ్రాముల ట్యూబ్ ఆరు వారాల్లో అయిపోతే మీరు ఏమని అడుగుతారు?