శాతం అదే... పిల్లలు వాళ్లేనా?

ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 31.4 శాతమని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. 2019-21 సర్వేలో అది 31.2 శాతం. అంటే గిడసబారిన పిల్లలు అలాగే ఉండిపోయారా? ఈ అంకెలు ఆ సంగతి చెప్పలేవు. రెండోసారి వెళ్లిన ఇళ్లు వేరు, కొలిచిన పిల్లలు వేరు. మొదటిసారి కొలిచినవాళ్లలో చాలామందికి అప్పటికే అయిదేళ్లు దాటిపోయాయి.

ఇలా ఒక సమయంలో ఎవరు ఎలా ఉన్నారో చూసి లెక్క తేల్చేది క్రాస్ సెక్షనల్ అధ్యయనం. ఎంపిక చేసుకున్న మనుషుల దగ్గరికే ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లి కొలిచేది లాంగిట్యూడినల్ అధ్యయనం. మొదటిది తక్కువ ఖర్చుతో, త్వరగా పూర్తవుతుంది. రెండోది డబ్బూ కాలమూ మింగేస్తుంది.

ఆ ఖర్చు ఎందుకో ఒక ఊహాలెక్కతో చూద్దాం. వందమంది పిల్లల్లో ఏడాది వయసుకి 30 మంది గిడసబారి ఉన్నారు. ఎనిమిదేళ్లకు కొలిచినా 30 మందే. ఆ 30 మందీ వీళ్లే అయితే, తల్లి కడుపుతో ఉన్నప్పటి నుంచీ మొదటి ఏడాదిలోనే జాగ్రత్తపడాలి. అలాకాక మొదటివాళ్లలో 15 మంది కోలుకుని, కొత్తగా 15 మంది వెనకబడి ఉంటే, ఆ తర్వాతి ఏళ్లలోనూ తిండీ ఆరోగ్యమూ పట్టించుకోవాలి. శాతం ఒకటే అయినా చేయాల్సిన పని వేరు. ఏ బిడ్డ ఎటు వెళ్లిందో తెలియాలంటే ఆ బిడ్డనే మళ్లీ కొలవాలి.

మన దగ్గర ఈ పని చేసింది ‘యంగ్ లైవ్స్’. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నాలుగు దేశాల్లో నడుస్తున్న ఈ అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. ఏడాది వయసువాళ్లు సుమారు 2,000 మంది, ఎనిమిదేళ్లవాళ్లు సుమారు 1,000 మంది అందులో ఉన్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకోసారి వాళ్ల ఇళ్లకే మళ్లీ వెళ్లారు.

ఈలోగా రాష్ట్రంలో కరవు వచ్చింది. 2003లో ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. 2006-07లో పరిశోధకులు మళ్లీ వెళ్లేసరికి చిన్నపిల్లలకు అయిదేళ్లు అటూ ఇటూ ఉన్నాయి. కొందరు బడిలో చేరి భోజనం తింటున్నారు, కొందరింకా చేరలేదు. కరవు దెబ్బ తిన్న ఇళ్ల పిల్లల్లో, భోజనం అందనివాళ్ల ఎదుగుదల కుంటుపడగా, అందినవాళ్లు ఆ లోటు పూడ్చుకున్నారని తేలింది. 2002 నాటి కొలతలు చేతిలో ఉండబట్టి, ఆ తేడా ముందునుంచే ఉందా అన్న అనుమానాన్ని పరీక్షించగలిగారు. 2006లో ఒక్కసారే వెళ్లి ఉంటే అది కుదిరేది కాదు.

అయితే ఈ పద్ధతికి రెండు గండాలున్నాయి. మొదటిది మనుషులు జారిపోవడం. పేద కుటుంబాలు వలసపోయి జాబితాలోంచి తప్పుకుంటే, మిగిలినవాళ్ల సగటు దానంతటదే పెరుగుతుంది. ఎవరూ ఎదగకపోయినా ఎదిగినట్టు కనిపిస్తుంది. దీన్ని పట్టుకునే దారి ఒకటుంది: తప్పుకున్నవాళ్ల మొదటి కొలతలను, మిగిలినవాళ్ల మొదటి కొలతలతో పోల్చి చూడాలి. అవి బాగా తేడాగా ఉంటే ఫలితాన్ని అనుమానించాలి. యంగ్ లైవ్స్‌లో 2016 నాటికీ ఇక్కడి పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది పైగా దొరికారు. ఇల్లు మారినవాళ్ల ఆచూకీ తీయడానికే ఇలాంటి అధ్యయనాల్లో బోలెడు ఖర్చవుతుంది.

రెండోది కొలతలో పొరపాటు. ఏడాది బిడ్డను పడుకోబెట్టి కొలుస్తారు. ఒకరు తల కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు చాపి ఉంచాలి. బిడ్డ మెలికలు తిరిగితే సెంటీమీటరు తేడా వచ్చేస్తుంది. గీతకు కాస్త కింద ఉన్న బిడ్డ తర్వాతి కొలతలో గీత దాటితే, అది కోలుకోవడమో, మొదటి కొలత తప్పో చెప్పడం కష్టం. అందుకే గీత దాటినవాళ్లను లెక్కపెట్టి ఊరుకోకుండా, ఒక్కొక్కరు ఎంత మారారో కూడా చూడాలి.

మరి ఖర్చు ఎప్పుడు దండగ కాదు? జిల్లాకు ఎన్ని పోషకాహార కిట్లు కావాలో తెలియడానికి ఒక్కసారి సర్వే చాలు. పైగా యంగ్ లైవ్స్ కావాలనే పేద ప్రాంతాలను ఎక్కువగా ఎంచుకుంది కాబట్టి, రాష్ట్రం మొత్తం శాతం చెప్పడానికి అది పనికిరాదు. పెళ్లి ఏ వయసులో అయింది, ఎంతమంది పిల్లలు లాంటివి తెలుసుకోవాలన్నా ఒక్కసారి అడిగితే సరిపోతుంది. అవి మనిషికి గుర్తుంటాయి. కానీ ‘ఏడాది వయసులో మీ బిడ్డ ఎత్తెంత?’ అని ఎనిమిదేళ్ల తర్వాత అడిగితే ఏ తల్లీ చెప్పలేదు, చాలాసార్లు రికార్డూ దొరకదు. మనిషిలో వచ్చిన మార్పే ప్రశ్న అయి, పాత స్థితి జ్ఞాపకంలోనూ కాగితం మీదా లేనప్పుడు మాత్రం, ఏళ్ల తరబడి ఆ ఇంటికే వెళ్లక తప్పదు.