వరుస సరే, లెక్క సరేనా?

1973–75 మధ్య దక్షిణ జర్మనీలో ఒక బ్యాంకు ఇచ్చిన వెయ్యి అప్పుల వివరాలు ఇవాళ్టికీ స్టాటిస్టిక్స్ విద్యార్థుల చేతుల్లో నలుగుతూనే ఉన్నాయి. హాంబర్గ్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ హన్స్ హోఫ్‌మాన్ పేరుతో 1994లో ఇవి అందరికీ అందుబాటులోకి వచ్చాయి. ఆ వెయ్యిమందిలో 700 మంది వాయిదాలు సక్రమంగా కట్టారు, 300 మంది తప్పారు. అప్పు తప్పేదెవరో ముందే అంచనా వేసే లాజిస్టిక్ మోడల్‌ను ఎలా నమ్మాలో, ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పట్టిక నాకు కనబడలేదు.

లాజిస్టిక్ మోడల్ చేసే పని ఒక్కటే. దరఖాస్తుదారు వివరాలు తీసుకుని, ఆ మనిషి అప్పు తప్పే అవకాశం నూటికి ఎంతో చెబుతుంది. పట్టికలో ఇరవై రకాల వివరాలున్నా మనం ఒక్కటే తీసుకుందాం: ఆ బ్యాంకులో అతని కరెంటు ఖాతా పరిస్థితి. ఖాతాయే లేనివాళ్లు 274 మంది, వాళ్లలో 135 మంది తప్పారు. ఖాతా మైనస్‌లో ఉన్నవాళ్లు 269 మందిలో 105 మంది, 200 మార్కుల లోపు నిల్వ ఉన్న 63 మందిలో 14 మంది తప్పారు. అంతకన్నా ఎక్కువ నిల్వ గానీ, కనీసం ఏడాదిగా జీతం జమ కావడం గానీ ఉన్న 394 మందిలో తప్పినవాళ్లు 46 మందే.

ఇక్కడొక మాట చెప్పాలి. పాతికేళ్లపాటు చలామణీ అయిన వివరణ పత్రంలో ఈ గుంపుల పేర్లే తప్పు. అందరికన్నా బాగా కట్టిన చివరి గుంపుకి ‘ఖాతా లేదు’ అని రాసి ఉండేది. బ్యాంకుతో సంబంధమే లేనివాడు అందరికన్నా నమ్మకస్తుడు ఎలా అయ్యాడా అని చదివినవాళ్లు తల పట్టుకునేవారు. బెర్లిన్‌లోని స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ ఉల్రికే గ్రోంపింగ్ పాత జర్మన్ ఆధారాలు తిరగేసి 2019లో దీన్ని సరిదిద్దారు. పైన నేనిచ్చినవి ఆవిడ సరిచేసిన పేర్లు.

ఈ ఒక్క వివరంతో మోడల్ కడితే, నాలుగు గుంపులకీ అది వరసగా నూటికి 49, 39, 22, 12 అని అంచనా ఇస్తుంది. ఇప్పుడు మొదటి పరీక్ష, ఆర్‌ఓసీ. ఎంత మార్కు దాటితే అప్పు నిరాకరించాలి అన్న గీతను పైనుంచి కిందికి జరుపుతూ వెళ్తారు. మొదటి గుంపుని మాత్రమే ఆపితే, తప్పేవాళ్లలో నూటికి 45 మంది దొరుకుతారు. వాళ్లతోపాటు బాగా కట్టేవాళ్లలో 20 మందిని అన్యాయంగా వెనక్కి పంపుతాం. రెండు గుంపుల్ని ఆపితే దొరికేవాళ్లు 80, అన్యాయమైపోయేవాళ్లు 43. ఈ జంటల్ని కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపితే వచ్చే వంపుగీతే ఆర్‌ఓసీ. దాని కింద ఉన్న వైశాల్యాన్ని ఏయూసీ అంటారు.

వైశాల్యం అన్నమాటకి భయపడక్కర్లేదు. తప్పినవాళ్లలో ఒకరిని, కట్టినవాళ్లలో ఒకరిని పక్కపక్కన నిలబెట్టండి. ఇలాంటి జంటలు 300 ఇంటూ 700, అంటే 2,10,000. వాటిలో 1,22,292 జంటల్లో మోడల్ తప్పినవాడికే ఎక్కువ ప్రమాదం చూపింది. 52,679 జంటల్లో ఇద్దరూ ఒకే గుంపువాళ్లు కాబట్టి సమానం. వాటికి సగం మార్కు ఇచ్చి కూడితే 0.71 వస్తుంది. అదే ఏయూసీ. బొమ్మాబొరుసూ వేసినా 0.50 వస్తుంది కాబట్టి, ఒక్క ఖాతా వివరంతో 0.71 రావడం బాగానే ఉన్నట్టు.

ఈ లెక్కలో 49, 39 అన్న అంకెలు ఎక్కడా వాడలేదని గమనించారా? ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మాత్రమే వాడాం. కిరాణా కొట్టు కాటా ప్రతి వస్తువునీ ఎనిమిది రెట్లు ఎక్కువ తూచినా, ఏది బరువో ఏది తేలికో సరిగ్గానే చెబుతుంది. బిల్లు మాత్రం తప్పుతుంది. ఆ బిల్లుని సరిచూసే పరీక్ష పేరు క్యాలిబ్రేషన్: నూటికి పది అని మోడల్ చెప్పినవాళ్లలో నిజంగా పదిమందే తప్పారా?

జర్మన్ పట్టికకి ఈ పరీక్ష పెడితే అసలు సంగతి బయటపడుతుంది. ఆ బ్యాంకులో నూటికి ముప్ఫైమంది అప్పు తప్పలేదు. విశ్లేషణకి తగినన్ని ఉదాహరణలు దొరకాలని తప్పినవాళ్లని కావాలనే ఎక్కువ పాళ్లలో పోగుచేశారు. బయట తప్పేవాళ్లు నూటికి ఐదుగురే అనుకుని లెక్క సరిచేద్దాం. పట్టికలో ఏడుగురు మంచివాళ్లకి ముగ్గురు తప్పినవాళ్లు. బయట 95 మందికి ఐదుగురు. అంటే పట్టికలో తప్పినవాళ్లు ఎనిమిది రెట్లకు పైగా ఎక్కువగా ఉన్నారు. మొదటి గుంపులో కట్టిన 139 మందిని అలాగే ఉంచి, తప్పిన 135 మందిని ఎనిమిదో వంతుకి తగ్గిస్తే సుమారు 17 మంది మిగులుతారు. అప్పుడు ప్రమాదం నూటికి 49 కాదు, 11. మిగతా గుంపులకి వరసగా 7, 3.4, 1.6. లాజిస్టిక్ మోడల్‌లో ఈ దిద్దుబాటుకి స్థిరాంకం ఒక్కటి మారిస్తే చాలు, మిగతా గుణకాల జోలికి పోనక్కర్లేదు. వరుస మారలేదు కాబట్టి ఏయూసీ అదే 0.71.

దీనివల్ల బ్యాంకు కౌంటర్ దగ్గర ఏం మారుతుందో చూడండి. తప్పేవాడికి అప్పివ్వడం వల్ల వచ్చే నష్టం, మంచివాడిని వెనక్కి పంపడం వల్ల వచ్చే నష్టానికి ఐదు రెట్లని ఈ పట్టికతోపాటే ఒక నియమం ఇచ్చారు. ఆ లెక్కన ప్రమాదం ఆరింట ఒక వంతు, అంటే నూటికి దాదాపు 17 దాటితే నిరాకరించాలి. దిద్దని అంకెల్ని పట్టుకుంటే మొదటి మూడు గుంపులూ బయటికి పోతాయి. బాగా కట్టే 700 మందిలో 352 మందికి, అంటే సగానికి పైగా, అప్పు పుట్టదు. దిద్దిన అంకెలతో ఏ గుంపూ 17 దాటదు. ఖాతా వివరం ఒక్కటే చూసి ఎవరినీ వెనక్కి పంపక్కర్లేదు. అదే మోడల్, అదే ఏయూసీ, నిర్ణయం మాత్రం తలకిందులైంది. ఏయూసీ ఒక్కటి చూపించి మోడల్ బాగుందని చెప్పే నివేదికలు నన్ను కలవరపెట్టేది ఇందుకే. వడ్డీ రేటుకైనా, మునిగే అప్పుల కోసం పక్కన పెట్టే సొమ్ముకైనా కావలసింది ఆ అంకె. వరుస ఒక్కటే చాలదు.

క్యాలిబ్రేషన్‌ని మోడల్ నేర్చుకున్న అప్పుల మీదే చూస్తే ఉపయోగం లేదు. అక్కడ అది ఎటూ సరిపోతుంది. తర్వాతి ఏడాది ఇచ్చిన అప్పుల్ని అంచనా ప్రకారం పది భాగాలు చేసి, ఒక్కో భాగంలో మోడల్ చెప్పిందీ జరిగిందీ పక్కపక్కన పెట్టాలి. అన్ని భాగాల్లోనూ ఒకే వైపు తేడా ఉంటే స్థిరాంకం జరిగినట్టు. ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు సాధారణంగా కనిపించేది ఇదే. పెద్ద అంచనాలు మరీ పెద్దవిగా, చిన్నవి మరీ చిన్నవిగా తేలితే, మోడల్ పాత పట్టికలోని యాదృచ్ఛికమైన వంకర్లని కూడా బట్టీపట్టిందని అర్థం. కొద్దిమందే ఉన్న భాగాల దగ్గర తొందరపడకూడదు. మన మూడో గుంపులో ఉన్నది 63 మందే కాబట్టి, పట్టికలో కనిపించిన 22 శాతం వెనక నిజం 12 నుంచి 33 దాకా ఎక్కడైనా ఉండవచ్చు.

ఏ పరీక్షా పట్టుకోలేని లోటు ఇంకొకటి ఉంది. పట్టికలోని వెయ్యిమందీ అప్పు దొరికినవాళ్లు. ఆ రెండు మూడేళ్లలో అదే కౌంటర్ నుంచి ఖాళీ చేతులతో వెళ్లినవాళ్లు అప్పిస్తే కట్టేవారో లేదో ఎవరూ రాసిపెట్టలేదు. ఖాతా లేని ఆ 274 మందికీ అప్పు దొరికిందంటే, ఖాతా లేకపోయినా వాళ్లలో ఏదో చూసే గుమాస్తా సంతకం పెట్టి ఉంటాడు. అలా సంతకం దొరకనివాళ్ల మీద కూడా రేపు ఇదే మోడల్ వాడతారు.