పెద్ద ఇంజిన్ పెట్టినా లాంచీ స్పీడ్ ఎందుకు పెరగదు? తేడా అంతా పడవ అడుగులోనే!

జహీరాబాద్ నుంచి పిల్లలతో హైదరాబాద్ వెళ్తే హుస్సేన్ సాగర్‌లో బోటింగ్ తప్పదు. లుంబినీ పార్క్ దగ్గర లాంచీ ఎక్కితే బుద్ధ విగ్రహం దాకా మెల్లగా తీసుకెళ్తుంది. పక్కనుంచి స్పీడ్‌బోట్ దూసుకుపోతుంది. అప్పుడు పిల్లలు అడిగే ప్రశ్న ఒక్కటే.. ‘మనది ఎందుకు ఫాస్ట్‌గా పోదు?’

లాంచీది నీటిని పక్కకు తోసుకుంటూ వెళ్లే అడుగు. దీన్ని డిస్‌ప్లేస్‌మెంట్ హల్ అంటారు. ఇది కదిలినప్పుడు ముందు ఒక అల లేస్తుంది. స్పీడ్ పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. అల పొడవు పడవ పొడవును దాటితే పడవ ముక్కు అల మీద ఉండి, వెనక భాగం పల్లంలోకి దిగుతుంది. ఇక అక్కడి నుంచి లాంచీ తాను లేపిన గట్టునే తాను ఎక్కాలి. బురద పొలంలో దిగబడ్డ ట్రాక్టర్‌కి రేస్ ఇచ్చినట్టే.. డీజిల్ కాలుతుంది, బండి కదలదు.

ఈ లిమిట్‌కి ఓ సింపుల్ లెక్క ఉంది. నీటిని తాకే పొడవు 16 మీటర్లు అనుకుందాం. దాని వర్గమూలం 4. దాన్ని 4.5తో గుణిస్తే 18. అంటే గంటకు సుమారు 18 కిలోమీటర్లు. దానికి కాస్త లోపే నడిపితే ఆయిల్ ఆదా, కుదుపులూ తక్కువ.

మరి స్పీడ్‌బోట్? దాని పొడవు 5 మీటర్లే అయితే, అదే లెక్కన 10 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోవాలి. కానీ దాని అడుగు వెనకవైపు చదునుగా ఉంటుంది, బరువు తక్కువ. గట్టిగా తోస్తే నీరే దాన్ని పైకి లేపుతుంది. ఇదే ప్లేనింగ్. మధ్యలో ఓ గండం ఉంది. ముక్కు ఆకాశం వైపు లేచి, వెనక పెద్ద అల వస్తుంటే బోటు ఇంకా గట్టు ఎక్కుతూనే ఉందని అర్థం. కిలోమీటరుకు పెట్రోల్ బాగా తాగేది అప్పుడే. ముక్కు కిందికి దిగి, వెనక అల చదునైతే దాటేసినట్టు. ఇద్దరు ముగ్గుర్ని ఎక్స్‌ట్రా ఎక్కిస్తే ఒక్కోసారి దాటనే దాటదు. అలలుంటే ముందు సీట్లో నడుముకు దెబ్బలు గ్యారెంటీ, వెనక కూర్చోవడం బెటర్.

ఇక క్యాటమరాన్‌కి రెండు సన్నటి అడుగులు, పైన ఒకే డెక్. సన్నగా ఉండటంతో లేచే అల చిన్నది, ఎక్కాల్సిన గట్టూ చిన్నదే. రెండూ దూరంగా ఉండటంతో జనం ఒకవైపుకి జరిగినా పడవ పెద్దగా ఒరగదు. 2023 ఏప్రిల్‌లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రో ఎలక్ట్రిక్ బోట్లు ఈ రకమే. బ్యాటరీతో నడిచే బోటుకి ప్రతి యూనిట్ కరెంటూ లెక్కే కదా!

అయితే మరీ నెమ్మదిగా వెళ్లేటప్పుడు క్యాటమరాన్‌కి పెద్ద లాభం లేదు. రెండు అడుగులు కావడంతో నీటి రాపిడి ఎక్కువ. బరువు పెరిగితే సన్నటి అడుగులు త్వరగా మునిగి, డెక్ కింద అలలు టపటపా కొడతాయి.

అన్నట్టు, క్యాటమరాన్ అనే పేరు తమిళ ‘కట్టుమరం’ నుంచి వచ్చింది. మన కోస్తా జాలర్ల తెప్పలాగే దుంగలు పక్కపక్కన కట్టింది అది. రెండు అడుగుల పడవకి ఆ పేరు తర్వాత అతికింది.