మోటారు వేయగానే ఇన్వర్టర్ ఎందుకు కూస్తుంది?

కూలర్ తిరుగుతూ ఉండగా కరెంటు పోతే చాలా ఇళ్లలో ఏమీ కాదు. లైటు ఒకసారి మినుకుమంటుంది, కూలర్ తిరుగుతూనే ఉంటుంది. అదే కూలర్‌ను కాసేపు ఆపి, కరెంటు రాకముందే మళ్లీ స్విచ్ వేస్తే మాత్రం ఇన్వర్టర్ కీకీమని కూయడం మొదలుపెడుతుంది. ఎర్ర లైటు వెలుగుతుంది, ఒక్కోసారి ఇల్లంతా చీకటైపోతుంది. కూలర్ మారలేదు, ఇన్వర్టర్ మారలేదు. మారింది ఒక్కటే: మొదటిసారి మోటారు తిరుగుతూ ఉంది, రెండోసారి ఆగి ఉంది.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఆ లోడును అందుకోవడానికి పట్టే సమయం సెకనులో చిన్న వంతు. అంతలో కూలర్ ఫ్యాను వేగం పెద్దగా తగ్గదు. తిరుగుతున్న మోటారు తన లోపల ఎదురు వోల్టేజీని పుట్టిస్తూ ఉంటుంది. లోపలికి వచ్చే కరెంటును అదుపులో ఉంచేది ఆ ఎదురు వోల్టేజీయే. ఆగి ఉన్న మోటారులో అది ఉండదు. స్విచ్ వేసిన క్షణాన కరెంటుకు అడ్డు వైండింగ్ ఒక్కటే. అందుకే మామూలుగా తిరిగేటప్పుడు తీసుకునే దానికి ఎన్నో రెట్లు కరెంటు ఆ కొద్దిసేపు లాగుతుంది. మెకానిక్‌లు దీన్ని స్టార్టింగ్ కరెంటు అంటారు. కూలర్ ఫ్యానుకు ఇది రెండు మూడు రెట్లుంటే, నీళ్ల మోటారుకు నాలుగు నుంచి ఆరు రెట్ల దాకా ఉంటుంది.

సంపులోంచి పైట్యాంకుకు నీళ్లెక్కించే అర హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారునే తీసుకుందాం. అర హెచ్‌పీ అంటే 373 వాట్లు అని చెబుతారు కానీ అది షాఫ్టు దగ్గర దొరికే బలం. దానికోసం మోటారు లైను నుంచి తీసుకునేది దాదాపు 600 వాట్లు, నాలుగు ఆంపియర్ల లోపు. ఇన్వర్టర్ మీద 900 వీఏ అని రాసి ఉంటుంది. నికరంగా అది ఇచ్చేది 720 వాట్ల చుట్టూ. కాబట్టి 600 వాట్ల మోటారు నడవాలి కదా అనుకోవడం సహజం. కానీ స్టార్టయ్యే క్షణంలో ఆ మోటారు 15 నుంచి 20 ఆంపియర్లు అడుగుతుంది. 230 వోల్టుల దగ్గర అది సుమారు 3500 నుంచి 4500 వీఏ. 900 వీఏ ఇన్వర్టర్ కొద్ది క్షణాలు తన హద్దు దాటి ఇవ్వగలదేమో గానీ, నాలుగైదు రెట్లు ఇవ్వలేదు. లోపలున్న మాస్‌ఫెట్లు కాలిపోకుండా అది ముందే ఆపేస్తుంది. ఆ కూత ఇన్వర్టర్ చెడిపోయిందని చెప్పడం లేదు, తనను తాను కాపాడుకుంటోందని చెబుతోంది.

ఇంతవరకూ ఇన్వర్టర్ సంగతి. దాని వెనకాల బ్యాటరీ ఉంది, అసలు చిక్కు చాలాసార్లు అక్కడే ఉంటుంది. బైకు సెల్ఫ్ నొక్కగానే హెడ్‌లైటు మసకబారడం అందరూ చూసిందే. ఇక్కడా అదే జరుగుతుంది. 230 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లు ఇవ్వాలంటే, 12 వోల్టుల బ్యాటరీ దానికి ఎన్నో రెట్లు ఆంపియర్లు ఇవ్వాలి. ఇన్వర్టర్‌లో వేడిగా పోయేది కలుపుకుని లెక్కేస్తే, 600 వాట్లకు బ్యాటరీ నుంచి దాదాపు 60 ఆంపియర్లు, 1800 వాట్లకు 175 ఆంపియర్ల పైనే పోతాయి. ఇంత ప్రవాహం వెళ్లేటప్పుడు బ్యాటరీ లోపలి నిరోధం, కేబుల్, లగ్గు ఒక్కొక్కటీ కొంత వోల్టేజీని మింగేస్తాయి. కొత్త బ్యాటరీలో ఆ నిరోధం చాలా తక్కువ, అందుకే తగ్గుదల ఒక వోల్టు లోపే ఉంటుంది. ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, డిస్టిల్డ్ వాటర్ తగ్గిపోయిన పాత బ్యాటరీలో అది రెండు మూడింతలవుతుంది. బ్యాటరీ వోల్టేజీ 10.5 చుట్టుపక్కలకు దిగితే చాలా 12 వోల్టుల ఇన్వర్టర్లు బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగిపోతాయి. నిజానికి బ్యాటరీలో చార్జి సగానికి పైగానే ఉండొచ్చు.

ఇక్కడ ఒకదాన్ని ఒకటి పెంచే గొలుసు ఒకటి ఉంది. బ్యాటరీ వోల్టేజీ బాగా దిగితే ఇన్వర్టర్ బయటికిచ్చే 230 కూడా పడిపోతుంది. మోటారును తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీ 80 శాతానికి తగ్గితే బలం 64 శాతానికి పడిపోతుంది. బలం తగ్గిన మోటారు వేగం అందుకోవడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, అంతసేపూ ఎక్కువ కరెంటు లాగుతూనే ఉంటుంది, ఆ కరెంటుకు బ్యాటరీ ఇంకా దిగుతుంది. కొన్నిసార్లు మోటారు అసలు కదలకుండా మూలుగుతూ నిలబడిపోవడానికి కారణం ఇదే.

ఖమ్మంలో తెలిసినవాళ్లింట్లో చూసిన ఒక కేసు ఇక్కడ ఉపయోగపడుతుంది. 900 వీఏ ఇన్వర్టర్, 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ, కొని నాలుగేళ్లు. 180 వాట్ల కూలర్ మొదటి రెండు వేసవుల్లో ఇన్వర్టర్ మీద హాయిగా నడిచింది. తర్వాత మాత్రం కూలర్ వేస్తే కూత. ఇంటాయన ఇన్వర్టర్ మార్చేద్దామని ధరలు కూడా కనుక్కున్నారు. వచ్చిన ఎలక్ట్రీషియన్ మాత్రం మల్టీమీటరు తీసి, మెయిన్ ఆపించి, మూడు ఫ్యాన్లూ లైట్లూ ఇన్వర్టర్ మీద నడుస్తుండగా కూలర్ వేయించాడు. కూలర్ కదిలే క్షణంలో బ్యాటరీ పోస్టుల మీద 11.6 వోల్టులు చూపించింది. అదే కొలత ఇన్వర్టర్ వెనక, కేబుల్ బిగించిన చోట తీస్తే 10.3. మధ్యలో 1.3 వోల్టులు మాయం. ఆ క్షణంలో 75 ఆంపియర్ల దాకా పోతున్నాయి కాబట్టి, దాదాపు 100 వాట్లు దారిలోనే వేడిగా మారుతున్నాయన్నమాట. పాజిటివ్ లగ్గు మీద తెల్లగా, పచ్చగా చిలుము పేరుకుని ఉంది. కూలర్ ఆపాక ముట్టుకుంటే కాలేంత వేడి.

“అన్నా, ఇన్వర్టర్ బాగానే ఉంది, దానికి తిండి అందట్లేదు,” అన్నాడతను.

ఇన్వర్టర్ స్విచ్చూ, దానికొచ్చే మెయినూ ఆపేసి, ముందు నెగెటివ్ కేబుల్, తర్వాత పాజిటివ్ విప్పాడు. చేతికున్న ఉంగరం తీసి జేబులో వేసుకున్నాకే స్పానర్ పట్టాడు, ఎందుకంటే స్పానరో ఉంగరమో రెండు పోస్టులకూ తగిలితే వందల ఆంపియర్లు పోతాయి. లగ్గులను తినేసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆ నీళ్లు సెల్ మూతల్లోకి పోకుండా తుడిచి, ఆకురాయి కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది బిగించాడు. పైన పెట్రోలియం జెల్లీ పూశాడు. మళ్లీ కలిపేటప్పుడు నెగెటివ్ ఆఖరిది. ఆ తర్వాత కూలర్ వేస్తే ఇన్వర్టర్ దగ్గర 11.5. కూత లేదు. బ్యాటరీ కొత్తదేమీ కాలేదు, పోస్టుల దగ్గర ఒక వోల్టు తగ్గడం దాని వయసు చెబుతూనే ఉంది. కానీ కూలర్ స్టార్టవడానికి అది చాలు.

ఆ ఇంటివాళ్లు దాన్ని ఓవర్‌లోడ్ అనుకోవడానికి కారణం ఉంది. చాలా ఇన్వర్టర్లలో బజర్ ఒక్కటే. ఓవర్‌లోడయినా, బ్యాటరీ తక్కువైనా అదే కూస్తుంది. తేడా చెప్పేది ముందున్న లైటు లేదా డిస్‌ప్లే. స్విచ్ వేసే మనిషి ఒక గదిలో, ఇన్వర్టర్ ఇంకో చోట ఉంటాయి కాబట్టి ఏ లైటు వెలిగిందో ఎవరూ చూడరు. ఒకరు కూలర్ వేస్తుంటే ఇంకొకరు ఇన్వర్టర్ ముందు నిలబడి చూడటమే మొదటి పరీక్ష. ఓవర్‌లోడ్ లైటు వెలిగి, మీటరులో బ్యాటరీ వోల్టేజీ 12కు దగ్గరగానే నిలబడితే ఆ లోడు ఇన్వర్టర్ తాకత్తుకు మించినదే. లో బ్యాటరీ లైటు వెలిగితే, పోస్టుల దగ్గరే వోల్టేజీ కూలుతోందా, కేబుల్ చివర మాత్రమే కూలుతోందా అన్నది చూడాలి. మొదటిదైతే బ్యాటరీ, రెండోదైతే లగ్గు లేదా సన్నని కేబుల్. మామూలు మీటరు అంకెలు నెమ్మదిగా మారతాయి కాబట్టి, మిన్-మ్యాక్స్ బటన్ ఉన్న మీటరయితే కనిష్ఠ వోల్టేజీని పట్టి ఉంచుతుంది.

ఇంకో దొంగ కూడా ఉన్నాడు, వాడు మోటారులోనే ఉంటాడు. కూలర్ ఫ్యానుకూ నీళ్ల మోటారుకూ స్టార్టవడానికి కెపాసిటర్ తోడు కావాలి. అది బలహీనపడితే మోటారు మూలుగుతుంది గానీ తిరగదు, లేదా మెల్లగా మొదలవుతుంది. మెయిన్ కరెంటు మీద ఆ నెమ్మదితనం మన కంటికి ఆనదు, ఎందుకంటే లైను ఎంత అడిగితే అంత ఇస్తుంది. ఇన్వర్టర్ మీద వెంటనే బయటపడుతుంది. మెయిన్ మీద కూడా స్టార్టింగు బద్ధకంగా ఉంటే ముందు కెపాసిటర్ మార్పించాలి. దాని ఖరీదు బ్యాటరీతో పోలిస్తే ఏమీ లేదు. ప్లగ్గు తీసినా దానిలో చార్జి మిగిలి ఉంటుంది కాబట్టి ఆ పని తెలిసినవాళ్లే చేయాలి. ఉప్పునీళ్ల ఊళ్లలో కొన్నాళ్లు వాడని నీళ్ల మోటారు లోపల ఫ్యాను పట్టేసుకోవడమూ ఇలాంటిదే. అది కదలనంతసేపూ స్టార్టింగ్ కరెంటు తగ్గదు, ఏ ఇన్వర్టరూ భరించదు.

కూలర్ విషయంలో నా అభిప్రాయం స్పష్టం: లగ్గులు శుభ్రంగా, బ్యాటరీ ఓపిగ్గా ఉంటే 900 వీఏ సైన్‌వేవ్ ఇన్వర్టర్ దాన్ని మోస్తుంది. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టరయితే మోటారు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది, కాబట్టి కూలర్‌కు అది తగదు. స్టార్టు చేసేటప్పుడు ముందు ఫ్యాను మాత్రం వేసి, అది వేగం అందుకున్నాక నీళ్ల పంపు స్విచ్ వేస్తే భారం కాస్త విడిపోతుంది.

నీళ్ల మోటారు సంగతి వేరు. 900 వీఏ, ఒక్క బ్యాటరీ మీద దాన్ని నడపాలని చూడకూడదు. డెలివరీ వాల్వు కొంచెం మూసి స్టార్టు చేస్తే సెంట్రిఫ్యూగల్ మోటారు తొందరగా వేగం అందుకుంటుంది, కానీ మొదటి క్షణపు దెబ్బ తగ్గదు. కూసినప్పుడల్లా రీసెట్ నొక్కి మళ్లీ మళ్లీ వేయడం అన్నిటికంటే చెడ్డది, ప్రతిసారీ ఆ దెబ్బ వైండింగూ మాస్‌ఫెట్లూ తినాల్సిందే. కరెంటు లేనప్పుడు నీళ్లెక్కించక తప్పని ఇంట్లో రెండు బ్యాటరీల 24 వోల్టుల సైన్‌వేవ్ ఇన్వర్టర్, కనీసం 2 కేవీఏది, పెట్టుకోవాలి. 24 వోల్టుల్లో అదే పనికి బ్యాటరీల నుంచి సగం ఆంపియర్లే పోతాయి, అందుకని కేబుళ్లలో పోయే వోల్టేజీ కూడా సగమవుతుంది. కొనే ముందు మోటారు మీదున్న ప్లేటులో ఆంపియర్లు చూసి, వాటిని 230తో, మళ్లీ ఐదుతో గుణించి, వచ్చిన వీఏను ఈ ఇన్వర్టర్ ఒకట్రెండు సెకన్లు భరిస్తుందా అని షాపువాణ్ని అడగండి. అవుననిపించుకుంటే సరిపోదు, ఆ సర్జ్ రేటింగు కంపెనీ కాగితంలో ఎక్కడుందో చూపించమనండి.