78 లక్షలు చేతిలో ఉంటే చిన్న జీతం చాలా?

లక్షన్నర జీతమొచ్చే ఉద్యోగం మానేసి అరవై వేల ఉద్యోగంలో చేరతానంటే ఇంట్లోవాళ్లు ముందు అడిగే మాట ఒకటే: ‘మరి రేపు ముసలితనంలో ఎలా?’ దానికి అంకెలతో జవాబు చెప్పే పద్ధతి అమెరికాలో, త్వరగా రిటైరవ్వాలనుకునే వాళ్ల మధ్య పుట్టింది. పేరు ‘కోస్ట్ ఎఫ్ఐ’. వయసులో ఉన్నప్పుడే గట్టిగా కూడబెట్టి, ఆ డబ్బును మదుపులో పెట్టి దాని మానాన వదిలేస్తారు. రిటైర్మెంట్ నాటికి అదే పెరిగి సరిపోతుంది. ఈలోగా ఏ నెల ఖర్చు ఆ నెలకు సంపాదించుకుంటే చాలు, పొదుపు చేయనక్కర్లేదు.

ఎంత కూడబెట్టాలన్నదే అసలు చిక్కు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న 34 ఏళ్ల ఒకామెను ఊహించుకుందాం. ఇంటి ఖర్చు నెలకు 60 వేలు, ఏడాదికి 7 లక్షల 20 వేలు. 60వ ఏట పని మానేయాలని ఆమె కోరిక. రిటైరయ్యేనాటికి ఏడాది ఖర్చుకు 25 రెట్లు ఉండాలని అమెరికన్లు అంటారు. విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో అక్కడి మార్కెట్ల చరిత్రను, 30 ఏళ్ల రిటైర్మెంట్‌ను తీసుకుని కట్టిన లెక్క దీనికి ఆధారం. మన దగ్గర ధరల పెరుగుదల తీరు వేరు కాబట్టి 30 రెట్లు పెట్టుకోవడం క్షేమం. అంటే 2 కోట్ల 16 లక్షలు, అదీ ఈనాటి రూపాయల్లో.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మ్యూచువల్ ఫండ్లు 12 శాతం ఇస్తాయనుకుని ఆ 2.16 కోట్ల నుంచి వెనక్కి లెక్కిస్తే, ఇప్పుడు 11 లక్షల పైచిలుకు ఉంటే చాలని తేలుతుంది. ఎగిరి గంతేయాలనిపించే అంకె, కానీ తప్పు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే నేటి 60 వేల ఖర్చు 26 ఏళ్లకు 2 లక్షల 73 వేలవుతుంది. రాబడిలోంచి ధరల పెరుగుదలను తీసేశాక మిగిలేదే లెక్కలోకి రావాలి. మదుపు 10 శాతం పెరిగి, ధరలు 6 శాతం పెరిగితే నికరంగా దాదాపు 4 శాతం. అలా ఏటా 4 శాతం చొప్పున పెరిగితే రూపాయి 26 ఏళ్లకు 2 రూపాయల 77 పైసలవుతుంది. 2.16 కోట్లను 2.77తో భాగిస్తే 78 లక్షలు. ఆమె దాటాల్సిన గీత అది.

ఆ గీత రాతి మీద చెక్కింది కాదు. నికర రాబడి 5 శాతమైతే 61 లక్షలకే సరిపోతుంది, 3 శాతమైతే కోటి కావాలి. ఒక్క శాతం ఆశ ఎక్కువైతే పదిహేడు లక్షలు తక్కువ కూడబెట్టినట్టు! సొంతిల్లు, ఒంటి మీది నగలు ఈ లెక్కలోకి రావు. పీఎఫ్ వస్తుంది, ఉద్యోగం మారినప్పుడల్లా దాన్ని తీసి వాడేయకపోతేనే.

గీత దాటాక కూడా ప్రమాదం ఉంది, అది మార్కెట్ వైపు నుంచే రానక్కర్లేదు. కొత్త జీతం ఖర్చులకు నెలకు 10 వేలు తక్కువైందనుకోండి. ఆ లోటును ఆమె 78 లక్షల్లోంచే పూడ్చుకుంటూ పోతే, 60 ఏళ్ల నాటికి 53 లక్షలు తగ్గి 1.63 కోట్లే మిగులుతాయి. పెద్ద కంపెనీ వదిలేసిన రోజున ఆరోగ్య బీమా కూడా పోతుంది. సొంతంగా కట్టే ప్రీమియం, పిల్లల కాలేజీ ఫీజులు ఆ 60 వేలలో ఉన్నాయా లేదా ముందే చూసుకోవాలి. చిన్న జీతమైనా సరే, ధరలతో పాటు పెరుగుతూ ఉండాలి.

మార్కెట్‌నీ గుడ్డిగా నమ్మలేం. జపాన్‌లో నిక్కీ సూచీ 1989 చివర్లో చేరిన ఎత్తును మళ్లీ దాటింది 2024లోనే. అందుకే డబ్బంతా ఒకే దేశపు షేర్లలో పెట్టకుండా, కొంత పీఎఫ్‌లోనూ స్థిర ఆదాయ పథకాల్లోనూ ఉంచడం మేలు.

ఏడాదికోసారి సరిచూసుకోవడం తప్పనిసరి. పై ఉదాహరణలో అయిదేళ్లకు ఈనాటి విలువలో 95 లక్షలుండాలి. ధరలు 6 శాతం చొప్పున పెరిగి ఉంటే ఖాతాలో కనిపించాల్సింది కోటీ 27 లక్షలు. ఒక ఏడాది తగ్గితే కంగారు పడనక్కర్లేదు. మూడు నాలుగేళ్లు వరసగా వెనకబడుతుంటే మాత్రం మళ్లీ పొదుపు మొదలుపెట్టాలి, లేదా రిటైర్మెంట్‌ను 63కు జరపాలి. నలభై ఏళ్ల వయసులో పెద్ద జీతం ఉద్యోగానికి తిరిగి వెళ్లడం చాలామందికి సాధ్యమే. యాభై దాటాక పిలిచేవాళ్లు తగ్గిపోతారు కాబట్టి లోటు కనిపించిన ఏడాదే కదలాలి.