నవలలో నిట్టూర్పులు ఎన్ని?

నవల రాసేవాళ్లకు తమ ఊతపదాలు వినిపించవు. పాత్రలు పేజీకోసారి నిట్టూరుస్తాయి, తల పంకిస్తాయి, అన్నీ ‘ఒక్కసారిగా’ జరిగిపోతాయి. ప్రూఫు చూసేవారు అచ్చుతప్పులు పట్టుకుంటారు గానీ వీటి జోలికి పోరు, ఎందుకంటే విడిగా చూస్తే ఏ వాక్యంలోనూ తప్పుండదు. ఈ పని వాక్యం వాక్యం దిద్దే ఎడిటర్‌ది.

ఒక పేరా చూద్దాం. ఉదాహరణ కోసం నేనే రాశాను:

‘సుజాత మెల్లగా తలుపు తీసింది. లోపల ఎవరో దగ్గడం ఆమెకు వినిపించింది. ఒక్కసారిగా ఆమె గుండె ఝల్లుమంది. మంచం మీద తండ్రి పడుకుని ఉండటం ఆమె చూసింది. దీర్ఘంగా నిట్టూర్చింది.’

ఝల్లుమనడంలోనే హఠాత్తు ఉంది కాబట్టి ‘ఒక్కసారిగా’ తీసేయొచ్చు. ‘ఆమెకు వినిపించింది’, ‘ఆమె చూసింది’ అన్నవి పాఠకుడికీ ఆ గదికీ మధ్య కట్టిన తెరలు. కథ సుజాత వైపునుంచే నడుస్తున్నప్పుడు విన్నదెవరో, చూసిందెవరో మళ్లీ చెప్పక్కర్లేదు. ‘మెల్లగా’ సంగతి వేరు. చప్పుడు కాకూడదని ఆమె జాగ్రత్తపడుతుంటే ఆ మాటే రాయాలి. దిద్దాక ఇలా ఉంటుంది:

‘సుజాత చప్పుడు కాకుండా తలుపు తీసింది. లోపల ఎవరో దగ్గుతున్నారు. గుండె ఝల్లుమంది. మంచం మీద నాన్న.’

‘తండ్రి’ కాస్తా ‘నాన్న’ అయింది. తెర తీశాక మనం ఆమె కళ్లతో చూస్తున్నాం, ఆమె ఆయన్ని తండ్రి అనుకోదు కదా! ‘ఎవరో’ మాత్రం ఉండాలి, దగ్గు విన్న క్షణానికి అదెవరిదో ఆమెకు తెలీదు.

ఇక నిట్టూర్పు. అది ఊరటా, దిగులా? రచయితే తేల్చుకోలేదని నా అనుమానం. ఇక్కడ ఎడిటర్ సొంతంగా ఏదో పూరించకూడదు, ‘ఆయన్ని చూడగానే ఏం చేస్తుంది?’ అని మార్జిన్‌లో రాసి వదిలేయాలి. నిట్టూర్పు తీసి పెదవి కొరికిస్తే ఇంకో ఇరవై పేజీల్లో అదీ ఊతపదమవుతుంది.

రాతప్రతి మొత్తంలో వీటిని వెతకడానికి కంప్యూటర్ పనికొస్తుంది, కానీ తెలుగులో పూర్తి మాట కొడితే సగమే దొరుకుతాయి. ‘నిట్టూర్చింది’ అని వెతికితే ‘నిట్టూర్చాడు’, ‘నిట్టూర్పు’ తప్పించుకుంటాయి. ‘నిట్టూ’ దాకా కొడితే అన్నీ బయటపడతాయి. ‘అనిపించింది’, ‘అనిపిస్తోంది’ కోసం ‘నిపి’ చాలు. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసిన ప్రతి అయితే ముందు దాన్ని మార్చుకోవాలి. లేకపోతే వెతుకులాట ఖాళీగా తిరిగొస్తుంది, ప్రతి శుభ్రంగా ఉందని భ్రమపడతాం.

దొరికినవన్నీ ఒకే వేటుకు తీసేస్తే కొత్త చిక్కులొస్తాయి. ‘వాడు అబద్ధమాడుతున్నాడనిపించింది’లో ‘అనిపించింది’ తీసేశారో, అనుమానం కాస్తా నిజమైపోతుంది, కథే మారిపోతుంది. సంభాషణల్లో పాత్రకున్న ఊతపదం ఆ పాత్ర సొత్తు. మాటిమాటికీ ‘అసలు సంగతేంటంటే’ అనే మేనమామ నోట్లోంచి దాన్ని లాక్కుంటే ఆయన ఎవరో గుర్తుపట్టలేం. అదే మాట కథ చెప్పే గొంతులోకీ, మరదలి మాటల్లోకీ పాకితే అక్కడ మాత్రం కొట్టేయాల్సిందే.