గ్రాడ్యుయేషన్ ఫోటో కింద నాలుగు మాటలు

అనుబంధ కాలేజీల్లో చదివినవాళ్లకు యూనివర్సిటీ స్నాతకోత్సవం తరచుగా ఆలస్యంగా వస్తుంది. అందుకే చాలా ఇంజనీరింగ్ కాలేజీలు సొంతంగా గ్రాడ్యుయేషన్ డే జరుపుతాయి. గౌను, టోపీ, అమ్మానాన్నలతో ఒక ఫోటో, క్లాస్‌మేట్స్‌తో ఇంకొకటి. ఆ రాత్రే వాటిని ఇన్‌స్టాగ్రామ్‌లోనో వాట్సాప్ స్టేటస్‌లోనో పెట్టాలి. ఫోటో సిద్ధంగానే ఉంటుంది, దాని కింద రాయాల్సిన మాటల దగ్గరే చేయి ఆగిపోతుంది.

ఆగిన చేయి చాలాసార్లు ఇలా రాస్తుంది: ‘నా ఈ ప్రయాణంలో తోడ్పాటునందించిన తల్లిదండ్రులకు, గురువులకు, మిత్రులకు, శ్రేయోభిలాషులకు హృదయపూర్వక కృతజ్ఞతలు.’ ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇది వేదికమీద మైకు ముందు పలికే వాక్యం. ఎవరు ఏం చేశారో ఇందులో లేదు. అమ్మ చేసినదీ, పక్క బెంచీ స్నేహితుడు చేసినదీ ‘తోడ్పాటు’ అనే ఒక్క మాటలో కలిసిపోయాయి. ఇదే వాక్యాన్ని క్లాసులో ఇంకెవరి ఫోటో కింద పెట్టినా అతుకుతుంది. క్యాప్షన్ ఉపన్యాసంలా తయారైందని గుర్తుపట్టడానికి ఆ ఒక్క పరీక్ష చాలు.

ఒక ఉదాహరణ చూద్దాం. తెనాలి నుంచి గుంటూరుకు రోజూ రైల్లో వెళ్లి బీటెక్ చదివిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఫోటోలో టోపీ ఆమె తలమీద లేదు, అమ్మ తలమీద ఉంది. పక్కన నాన్న, వెనకాల రైల్లో కలిసి తిరిగిన ముగ్గురు స్నేహితులు. ఆమె ముందుగా చేయాల్సిన పని వాక్యాలు అల్లడం కాదు. ఒక్కొక్కరి పేరు ఎదురుగా వాళ్లు నిజంగా చేసిన ఒక్క పని రాసుకోవడం. అమ్మ: తెల్లారకముందే లేచి బాక్స్ కట్టడం. నాన్న: ఫీజు గడువు దగ్గరపడ్డ ప్రతిసారీ అన్న మాట. స్నేహితులు: రైల్లో సీటు ఆపడం. ‘త్యాగం’, ‘ప్రోత్సాహం’, ‘అండదండలు’ లాంటి మాటలు జాబితాలోకి వస్తే, వాటి వెనక ఉన్న పనేమిటో వెతికి అదే రాసుకోవాలి.

ఆ తర్వాత ఇంట్లో పిలిచే పిలుపుతోనే మొదలుపెట్టాలి:

‘అమ్మా, నాలుగేళ్లు తెల్లారకముందే లేచి బాక్స్ కట్టావు. ఈ టోపీ ముందు నువ్వే పెట్టుకోవాలి. నాన్నా, ఫీజు సంగతి నేను చూసుకుంటా, నువ్వు చదువుకో అన్నావు. ఇదిగో, చదివేశా. ఒసేయ్ ట్రైన్ బ్యాచ్, రోజూ సీటు ఆపింది మీరే. ఇవాళ కూడా నా పక్కనే నిలబడ్డారు.’

‘కృతజ్ఞతలు’ అన్న మాట ఇందులో ఎక్కడా లేదు, అయినా ఎవరికి చెందాల్సింది వాళ్లకు చెందింది. డిగ్రీ వచ్చిందని కూడా రాయలేదు. గౌను చూస్తే అది తెలిసిపోతుంది. టోపీ అమ్మ తలమీద ఎందుకుందో మాత్రం ఫోటో చెప్పలేదు, అందుకే క్యాప్షన్ చెప్పింది. నాన్నను ‘మీరు’ అని పిలిచే ఇంట్లో ఇక్కడా ‘అన్నారు’ అనే రాయాలి. ఫోటో కోసం పిలుపు మార్చితే మొదట తేడా పట్టేది ఇంట్లోవాళ్లే.

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కు 2,200 అక్షరాల దాకా చోటిస్తుంది. అయితే ఫీడ్‌లో కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే, మిగతాది ‘మోర్’ నొక్కితేనే తెరుచుకుంటుంది. కాబట్టి అమ్మ మాట మొదటి వరుసలోనే ఉండాలి. ‘ఎట్టకేలకు ఈ రోజు రానే వచ్చింది’ అని మొదలుపెడితే ఆ చోటు వృథా అవుతుంది. ముఖ్యులు ఇద్దరు ముగ్గురిని క్యాప్షన్‌లో పలకరించి, మిగతా స్నేహితులను ఫోటోలో ట్యాగ్ చేస్తే సరిపోతుంది. పాతిక పేర్లు వరసగా రాస్తే, అందులో లేని ఇరవై ఆరో పేరే అందరికీ కనిపిస్తుంది. బాబాయికో, లెక్కలు చెప్పిన మాస్టారుకో విడిగా అదే ఫోటోతో రెండు వాక్యాలు పంపడం మేలు.

ఒక్క జాగ్రత్త. నిజం రాయమన్నారు కదా అని ఫీజు కోసం తాకట్టు పెట్టిన గాజుల సంగతి, స్నేహితుడి బ్యాక్‌లాగ్‌ల సంగతి వాళ్లను అడగకుండా రాయకూడదు. స్టేటస్ చూసేవాళ్లలో బంధువులుంటారు, పెళ్లి సంబంధాలు మాట్లాడేవాళ్లూ ఉంటారు. పోస్ట్ చేసేముందు అమ్మకు చదివి వినిపిస్తే రెండు పనులవుతాయి: ఆమెకు ఇబ్బందైన ముక్క అక్కడే తెలుస్తుంది, నోటితో అనలేని బరువైన మాట ఏదైనా ఉంటే నాలుక దానిదగ్గరే తడబడుతుంది.

ఫోన్ చూడని నాయనమ్మకు ప్రింట్ తీయించి, వెనకవైపు ఆమెకోసం ఇంకో వాక్యం రాయొచ్చు. నునుపైన ఫోటో కాగితం మీద జెల్ పెన్ సిరా ఆరకుండా అలుక్కుపోతుంది. బాల్ పెన్‌తో గట్టిగా నొక్కితే అక్షరాల అచ్చు ముందువైపు ముఖాలమీద తేలుతుంది. సన్నటి పర్మనెంట్ మార్కర్‌తో అంచు దగ్గర తేలిగ్గా రాసి, ఆరాకే కవర్లో పెట్టాలి.